వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నలే మీ ఎఫ్‌ఏక్యూ

ప్రశ్న: మేడమ్, మాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. మా తోటలో కాసిన బంగినపల్లి, ఇమాం పసందు కాయలను మూడు సీజన్లుగా హైదరాబాద్, బెంగళూరు ఇళ్లకు పెట్టెల్లో పంపుతున్నాం. వెబ్‌సైట్ చేసిన అబ్బాయి ‘తరచుగా అడిగే ప్రశ్నలు’ అని 25 పెట్టాడు. అయినా రోజంతా వాట్సాప్‌లో అడిగిందే అడుగుతున్నారు. గూగుల్ నుంచి కూడా ఎవరూ రావడం లేదు. ఇంకో 30 ప్రశ్నలు రాయించి, ఏదో కోడ్ పెడితే గూగుల్‌లో పైకి వస్తాం అంటున్నాడు. పెట్టించమంటారా? పోయిన సీజన్ చాట్లు కొన్ని పంపుతున్నాను, చూడండి.
– ఒక పాఠకురాలు, చిత్తూరు జిల్లా

జవాబు: పెట్టించవద్దమ్మా. ఉన్న 25లోనే సగానికి పైగా తీసేయాలి. మీ పేజీలో మొదటి మూడు ప్రశ్నలు ఇవి: ‘మా మామిడి ఎందుకు ప్రత్యేకం?’, ‘చిత్తూరు మామిడి ఎందుకు ప్రసిద్ధి?’, ‘ఆన్‌లైన్‌లో మామిడి కొనడం వల్ల లాభాలేంటి?’ మీరు పంపిన చాట్లన్నీ చదివాను. వీటిలో ఏ ఒక్కటీ ఎవరూ అడగలేదు. అమ్మేవాళ్లు తమ గురించి చెప్పుకోవాలనుకున్న మాటలకు చివర ప్రశ్న గుర్తు తగిలించారు, అంతే. ఆ మాటలు చెప్పవచ్చు, కానీ మీ తోట గురించి రాసే పేజీలో చెప్పండి. ఎఫ్‌ఏక్యూలో ఉన్న ప్రతి ప్రశ్నకూ ఒక్క పరీక్ష పెట్టండి: ఇది అడిగిన మెసేజ్ ఒక్కటైనా చూపించగలరా? చూపించలేకపోతే అది పోవాల్సిందే.

ముందు కోడ్ సంగతి తేల్చేద్దాం. ఆయన చెప్పేది FAQPage అనే స్కీమా, అంటే పేజీలో ఉన్నవి ప్రశ్నలూ జవాబులూ అని గూగుల్‌కు తెలిపే కోడ్. కొన్నేళ్ల కిందట అది పెట్టిన సైట్లకు గూగుల్ ఫలితాల్లోనే, లింకు కింద, నొక్కితే విచ్చుకునే ప్రశ్నలు కనిపించేవి. స్క్రీన్ మీద ఎక్కువ చోటు దొరికేది కాబట్టి అందరూ ఎగబడ్డారు. 2023 ఆగస్టులో గూగుల్ ఆ సౌకర్యాన్ని ప్రభుత్వ, ఆరోగ్య రంగాల్లో పేరున్న, నమ్మదగిన సైట్లకే పరిమితం చేసింది. మామిడి పెట్టెలు అమ్మే సైటుకు అది రాదు. ఆ అబ్బాయి మిమ్మల్ని మోసం చేస్తున్నాడని నేను అనుకోవడం లేదు. పాత పాఠాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కోడ్ ఉంటే నష్టమేమీ లేదు, దాని కోసం విడిగా డబ్బు మాత్రం ఇవ్వకండి.

ఇప్పుడు అసలు పని. ఒక షీట్ తెరవండి. గూగుల్ షీట్స్ అయినా సరే, రూళ్ల నోట్‌బుక్ అయినా సరే. నాలుగు కాలమ్‌లు గీయండి: తేదీ, కస్టమర్ అడిగిన మాట, మీరిచ్చిన జవాబు, ఆ జవాబు చూశాక వాళ్లు అన్న మాట. రెండో కాలమ్‌లో వాళ్లు రాసింది ఉన్నదున్నట్టు దించండి. స్పెల్లింగ్ దిద్దవద్దు, మర్యాదగా మార్చవద్దు. పేరు, ఫోన్ నంబరు మాత్రం రాయవద్దు. పెద్ద చాట్లయితే వాట్సాప్‌లోనే ఎక్స్‌పోర్ట్ చేసుకునే వీలుంది, ఫొటోలు లేకుండా తీసుకుంటే ఫైలు చిన్నగా వస్తుంది. ఫోన్ చేసి అడిగేవాళ్ల ప్రశ్నలు ఎక్కడా మిగలవు కాబట్టి ప్యాకింగ్ చేసేచోట ఒక నోట్‌బుక్, పెన్ను పెట్టి, ఫోన్ ఎత్తినవాళ్లను ఒక్క ముక్క రాయమనండి. మెసేజ్ పెట్టడం అలవాటు లేని పెద్దవాళ్లు ఎక్కువగా ఫోనే చేస్తారు, వాళ్లు అడిగేవి కొంచెం వేరుగా ఉంటాయి.

నాలుగో కాలమ్ ఎందుకంటే, మీ జవాబులో ఏం లోపించిందో చెప్పేది అదే. మీ చాట్లలో ఒకటి చూద్దాం. ఒకావిడ ‘mandu pettinava andi’ అని అడిగారు. మీరు ‘మా తోటవే అండీ, భయం లేదు’ అన్నారు. ఆమె వెంటనే ‘ante carbide pettara?’ అన్నారు. మీరు ‘లేదండీ’ అన్నాక, ‘మరి పచ్చిగా వస్తాయా, ఎన్ని రోజులకు పండుతాయి?’ అన్నారు. అక్కడ మీరు నాలుగు మెసేజ్‌లలో వివరంగా చెప్పారు, ఆమె రెండు పెట్టెలు తెప్పించుకున్నారు. ఇదే సంభాషణ వేర్వేరు మనుషులతో, వేర్వేరు మాటల్లో, మీ చాట్లలో మళ్లీ మళ్లీ ఉంది. ఒకరు ‘పొడి పెట్టి మాగేశారా’ అన్నారు, ఒకరు ఇంగ్లిష్‌లో ‘naturally ripened?’ అన్నారు. మొదటి ప్రశ్న ఒక్కటే, దాని వెనకాల వచ్చే రెండో ప్రశ్న కూడా ఒక్కటే.

కాబట్టి షీట్ నిండాక ప్రశ్నలను గుంపులు చేసేటప్పుడు మాటలను బట్టి కాకుండా జవాబును బట్టి చేయండి. మాటలు ఎంత వేరుగా ఉన్నా జవాబు ఒకటే అయితే అది ఒకే ప్రశ్న. దీనికి తలకిందులుగా ఉండేవీ ఉంటాయి. ‘ఎప్పుడు వస్తాయి?’ అని మీకు చాలామంది పెట్టారు. ఏప్రిల్‌లో అడిగినవాళ్లకు కావాల్సింది కోత ఎప్పుడు మొదలవుతుందని. జూన్‌లో, డబ్బు కట్టాక అడిగినవాళ్లకు కావాల్సింది తమ పెట్టె ఏ రోజు ఇంటికి చేరుతుందని. తేదీ కాలమ్ లేకపోతే ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి. ఆ అబ్బాయి రాసిన ‘డెలివరీ ఎప్పుడు జరుగుతుంది?’ అన్నదానికి ‘సీజన్‌ను బట్టి వీలైనంత త్వరగా’ అన్న జవాబు ఇద్దరిలో ఎవరికీ పనికిరానిది అందుకే. వాటిని విడదీసి, ‘ఈ సీజన్ కాయ ఎప్పటి నుంచి పంపుతారు?’ అని ఒకటి, ‘డబ్బు కట్టాక పెట్టె ఎన్ని రోజుల్లో చేరుతుంది?’ అని ఇంకొకటి రాయండి. రెండోదానికి హైదరాబాద్‌కు ఎన్ని రోజులు, బెంగళూరుకు ఎన్ని రోజులు అని విడిగా చెప్పాలి. వారంలో ఏ రోజుల్లో కోస్తారో, ఏ రోజుల్లో పంపుతారో కూడా చెప్పాలి.

మందు ప్రశ్నను పూర్తిగా రాసి చూద్దాం. మీకు ఎక్కువగా వచ్చేది అదే, గూగుల్‌లో జనం వెతికేదీ అలాంటిదే. ప్రశ్న వాక్యాన్ని కస్టమర్ల మాటలతోనే కట్టాలి. ‘మా పండ్ల పక్వత ప్రక్రియ ఏమిటి?’ అని రాస్తే, మందు గురించి భయపడుతున్న మనిషి కన్ను దాని మీద ఆగదు, ఆ మాటలతో ఎవరూ వెతకరు కూడా. ‘కాయలు మాగడానికి కార్బైడ్ లాంటి మందు పెడతారా?’ అంటే ఇద్దరికీ అందుతుంది. జవాబులో మొదటి మాట అవునో కాదో అయి ఉండాలి. ఆ వెంటనే, మీ నాలుగో కాలమ్‌లో వరసగా వచ్చిన రెండో ప్రశ్నకు, మూడో ప్రశ్నకు సమాధానం రావాలి. నేనైతే ఇలా రాస్తాను:

‘పెట్టం. ముదిరిన పచ్చికాయలనే కోసి పంపుతాం, అవి మీ ఇంట్లో మాగుతాయి. పెట్టె రాగానే తెరిచి, కాయలను గడ్డి మీదో కాగితం మీదో ఒకదానికొకటి ఒరుసుకోకుండా పరచండి. బంగినపల్లి 4 నుంచి 6 రోజుల్లో పండుతుంది, ఎండలు ఎక్కువగా ఉంటే ఒక రోజు ముందే. పండేదాకా ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చలికి కాయ సరిగ్గా మాగదు. తొడిమ దగ్గర వాసన వచ్చి, వేలితో మెల్లగా నొక్కితే మెత్తగా తగిలితే తినవచ్చు. తొక్క మీద కొంచెం పచ్చదనం మిగిలినా పర్వాలేదు.’

ఆ 4 నుంచి 6 రోజులు మీ చాట్లలో మీరు చెప్పిన అంకెలే. ఇమాం పసందుకు వేరే అంకె ఉంటే విడిగా రాయండి. మీరు చూడని అంకె ఏదీ పెట్టవద్దు. ఈ జవాబు చదివే మనిషికి మీ సైట్‌లో ఇంకే పేజీ తెరవాల్సిన పని లేదు. వెతుకులాటకూ అదే మంచిది. పైన ఏముందో కింద ఏముందో చదవకుండా, ఈ ప్రశ్నా జవాబూ మాత్రమే తీసి పక్కన పెట్టినా అర్థం కావాలి. ‘పైన చెప్పినట్టు’, ‘అది కూడా అలాగే’ లాంటి మాటలు ఎఫ్‌ఏక్యూలో రాయకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ‘నూటికి నూరు శాతం కెమికల్ ఫ్రీ’ అని రాసే ఆశ పుడుతుంది, రాయకండి. కార్బైడ్‌తో మాగబెట్టడం 2011 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషేధం. ఇథిలీన్ గ్యాస్‌తో మాగబెట్టడానికి మాత్రం, 100 పీపీఎం దాకా, అనుమతి ఉంది. మీరు ఎప్పుడైనా రైపెనింగ్ ఛాంబర్‌లో మాగబెట్టి పంపితే ఆ మాట దాచకుండా, కార్బైడ్‌కూ దీనికీ తేడా ఏంటో రెండు వాక్యాల్లో చెప్పండి. చెట్టుకు పూత సమయంలో, పిందె సమయంలో మీరు ఏవి పిచికారీ చేస్తారన్నది ఇంకో ప్రశ్న. మీ చాట్లలో ఒకరిద్దరు అదీ అడిగారు. దానికి విడిగా, నిజంగా చేసేదే రాయండి. చేసేది ఒకటి, రాసింది ఇంకొకటి అయితే, ఆ స్క్రీన్‌షాట్ మీకే తిరిగి వస్తుంది.

కొన్ని ప్రశ్నల దగ్గర మీకు జవాబు రాయడమే కష్టమవుతుంది. ఉదాహరణకు ‘కాయలు పాడైతే ఏం చేస్తారు?’ పేజీలో ఇప్పుడున్న జవాబు ‘దయచేసి మమ్మల్ని సంప్రదించండి.’ చాట్లు చూస్తే ఒకరికి డబ్బు వెనక్కిచ్చారు, ఒకరికి వచ్చే పెట్టెలో నాలుగు కాయలు ఎక్కువ వేశారు, ఒకరికి ‘ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల తప్పండీ’ అన్నారు. రాసే మనిషిని తప్పు పట్టి లాభం లేదు, అక్కడ రాయడానికి ఒక నియమమే లేదు. ముందు ఇంట్లో కూర్చుని నియమం తేల్చుకోండి. పెట్టె అందిన ఎన్ని గంటల్లో ఫొటో పంపాలి? కుళ్లిన కాయకు ఏం చేస్తారు, దెబ్బ తగిలిన కాయకు ఏం చేస్తారు? సొన కారి తొక్క మీద నల్ల చారలు పడితే అది పాడైనట్టా కాదా? ఈ చివరిది మీకు చాలా చిన్న విషయం, పల్లెలో పుట్టినవాళ్లెవరూ పట్టించుకోరు. అపార్ట్‌మెంట్‌లో మొదటిసారి పెట్టె తెరిచిన మనిషికి అది కుళ్లులాగే కనిపిస్తుంది. మీకొచ్చిన ఫిర్యాదు ఫొటోల్లో చాలావరకు సొన మరకలే. ‘కాయ మీద నల్ల మచ్చలు ఎందుకున్నాయి?’ అన్న ప్రశ్న రాసి, సొన మరక ఫొటో ఒకటి, నిజంగా కుళ్లిన కాయ ఫొటో ఒకటి పక్కపక్కన పెట్టండి. మొత్తం పేజీలో మీకు ఎక్కువ టెన్షన్ తగ్గించేది ఈ ఒక్క జవాబే అవుతుందని నా నమ్మకం.

అన్ని ప్రశ్నలూ ఎఫ్‌ఏక్యూ పేజీలోకే రావాలని లేదు. ‘అయిదు కేజీల పెట్టెలో ఎన్ని కాయలు వస్తాయి?’ అన్నది కొనబోతూ అడిగే ప్రశ్న. ధర పక్కనే దాని జవాబు ఉండాలి. బంగినపల్లి పెట్టె పేజీలో ఒక అంకె, ఇమాం పసందు పెట్టె పేజీలో ఒక అంకె. అది చూడ్డానికి మనిషిని వేరే పేజీకి పంపితే, వెళ్లకుండా మీకే మెసేజ్ పెడతాడు. ‘కార్బైడ్ పెట్టిన పండును ఎలా గుర్తుపట్టాలి?’ అన్నది మీ కస్టమర్లే కాదు, మీ పేరు కూడా తెలియనివాళ్లు వెతికే ప్రశ్న. దానికి నాలుగు వాక్యాలు చాలవు. ఫొటోలతో విడి పేజీ రాయాలి. అందులో మీకు తెలిసిన సంగతులు చాలా ఉన్నాయి: తొక్క అంతా ఒకే పసుపు రంగులో ఉండి లోపల గట్టిగా, వాసన లేకుండా ఉండటం, చెట్టు మీద ముదిరిన కాయకు భుజాలు నిండుగా రావడం, ఇలాంటివి. గూగుల్ నుంచి కొత్త మనుషులు వస్తే ఎక్కువగా అలాంటి పేజీకే వస్తారు. ‘కూకట్‌పల్లికి పంపుతారా?’ లాంటివి మీ దగ్గర కొనాలనుకున్నవాళ్లే అడుగుతారు, వాటికి వెతుకులాటలో పెద్ద విలువ ఉండదు. అయినా ఎఫ్‌ఏక్యూలో వాటికి చోటు ఉండాలి, ఎందుకంటే డబ్బు కట్టేముందు మనిషి ఆగేది అక్కడే.

‘షుగర్ ఉన్నవాళ్లు తినవచ్చా?’ అని కూడా మీకు వచ్చింది. దానికి జవాబు అమ్మేవాళ్లు చెప్పకూడదు. డాక్టరును అడగమని ఒక్క వాక్యం రాసి వదిలేయండి, ‘మితంగా తింటే ఏమీ కాదు’ అని ధైర్యం చెప్పవద్దు.

ఇలా వడపోస్తే మీ పేజీలో పది, పన్నెండు ప్రశ్నలు మిగులుతాయి. అన్నింటినీ నొక్కితే తెరుచుకునే డబ్బాల్లో దాచాల్సిన పని లేదు. పన్నెండు ప్రశ్నలను ఫోన్‌లో వేలితో జరుపుకుంటూ చూడటం ఎవరికీ కష్టం కాదు. డబ్బాలే కావాలంటే, జవాబు మాటలు పేజీతో పాటే వచ్చేలా చేయమనండి. నొక్కాకే సర్వర్ నుంచి తెచ్చేలా చేస్తే, గూగుల్ నొక్కదు కాబట్టి ఆ జవాబు దానికి కనిపించదు. ప్రతి ప్రశ్నకూ ఒక గుర్తు పెట్టించండి, ఆ అబ్బాయికి ఇది అయిదు నిమిషాల పని:

```
<h3 id="mandu">కాయలు మాగడానికి కార్బైడ్ లాంటి మందు పెడతారా?</h3>
<p>పెట్టం. ముదిరిన పచ్చికాయలనే కోసి పంపుతాం...</p>
```

అప్పుడు మీ పేజీ అడ్రసు చివర `#mandu` చేరిస్తే లింకు నేరుగా ఆ ప్రశ్న దగ్గరే తెరుచుకుంటుంది. వాట్సాప్‌లో ఎవరైనా అడిగితే ఉత్త లింకు పడేయకండి, అది విసుక్కున్నట్టు ఉంటుంది. ‘పెట్టమండీ, పచ్చికాయలే పంపుతాం. ఇంట్లో ఎలా మాగబెట్టుకోవాలో ఇక్కడ రాశాం’ అని చెప్పి లింకు ఇవ్వండి. లింకు చూశాక కూడా వాళ్లు ఇంకేదైనా అడిగితే అది నాలుగో కాలమ్‌లోకి వెళ్లాలి, అక్కడి నుంచి ఆ జవాబులోకి ఒక వాక్యమై రావాలి. ఒకే అనుమానం రెండు మూడు సార్లు వస్తే, కొత్త ప్రశ్న చేర్చకుండా పాత జవాబునే దిద్దండి.

భాష గురించి ఒక మాట. మీవాళ్లలో సగం మంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తున్నారు కదా అని, ఒకే ప్రశ్నను తెలుగులో ఒకసారి, `mamidi` అని ఒకసారి, `maamidi` అని ఒకసారి రాయించకండి. చదివేవాళ్లకు అది పిచ్చి పేజీలా కనిపిస్తుంది. తెలుగు పేజీ తెలుగులో ఉండనివ్వండి. బెంగళూరు ఆర్డర్లు ఎక్కువైతే ఇంగ్లిష్ పేజీ విడిగా పెట్టి, దానికి బెంగళూరువాళ్లు అడిగిన మాటలతోనే ప్రశ్నలు రాయండి. తెలుగు పేజీని మక్కీకి మక్కీ దించితే సరిపోదు, వాళ్లు అడిగేవి వేరు. మీ చాట్లలోనే చూడండి, అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ దగ్గర పెట్టె వదిలి వెళ్తారా అని అడిగినవాళ్లు దాదాపు అందరూ అక్కడివాళ్లే.

గూగుల్ వైపు నుంచి ఏం జరుగుతోందో చూడాలంటే సైటు యజమానులకు గూగుల్ ఉచితంగా ఇచ్చే Search Console చాలు, డబ్బు కట్టే టూల్స్ ఇప్పుడు వద్దు. అందులో Performance తెరిచి, మీ ఎఫ్‌ఏక్యూ పేజీని ఎంచుకుని, Queries చూస్తే జనం ఏ మాటలతో వెతికినప్పుడు అది కనిపించిందో ఉంటుంది. ప్రశ్నల్లా ఉన్నవి మాత్రమే కావాలంటే, Query ఫిల్టర్‌లో Custom (regex) ఎంచుకుని ఇది పెట్టండి:

```
\b(ela|eppudu|enni|enduku)\b|ఎలా|ఎప్పుడు|ఎన్ని|ఎందుకు
```

పేజీ కనిపిస్తోంది గానీ ఎవరూ నొక్కడం లేదంటే, వాళ్లు వెతికిన మాటను మీ ప్రశ్న వాక్యంతో పోల్చి చూడండి. వాళ్లు ‘మాగబెట్టడం ఎలా’ అని వెతుకుతుంటే మీరు ‘నిల్వ విధానం’ అని రాసి ఉంటారు, తేడా అలాంటి చోటే దొరుకుతుంది. అయితే దీనికో పరిమితి ఉంది. చాలా తక్కువ మంది వెతికిన మాటలను గూగుల్ గోప్యత కోసం చూపించదు. మీలాంటి చిన్న సైటుకు ఆ జాబితా చాలా చిన్నగా కనిపిస్తుంది. అది చూసి ఎవరూ వెతకడం లేదనుకోవద్దు. మీకు వాట్సాప్ షీటే పెద్ద ఆధారం, ఇది దానికి తోడు మాత్రమే.

తేదీలు, ధరలు ఉన్న జవాబులు పాతబడతాయి. ‘ఈ సీజన్ మే రెండో వారం నుంచి’ అని రాస్తే, వచ్చే ఏడు చదివేవాళ్లకు అది ఏ సీజనో తెలియదు. సంవత్సరం కూడా రాయండి. సీజన్ అయిపోయాక ఆ పేజీ తీసేయవద్దు, ఏటా కొత్త అడ్రసుతో కొత్త పేజీ పెట్టించవద్దు. అదే అడ్రసులో ‘ఈ ఏడు కాయ అయిపోయింది, మళ్లీ మే నెలలో’ అని మార్చి, వాట్సాప్ నంబరు ఇవ్వండి. ఇన్నాళ్లూ ఆ పేజీకి వచ్చిన గుర్తింపు అలాగే ఉంటుంది.

కొత్త పేజీ రాసిన రోజే గూగుల్‌లో కనిపించదు. దాన్ని గూగుల్ చూసి చేర్చుకోవడానికి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టవచ్చు. మీ దగ్గర బంగినపల్లి కోత మేలో మొదలవుతుంది కాబట్టి, పేజీ మార్చి నెలలోనే సిద్ధంగా ఉండాలి. ఎక్కించిన రోజు Search Console పైన ఉండే పెట్టెలో పేజీ అడ్రసు ఇచ్చి, Request indexing నొక్కమని ఆ అబ్బాయికి చెప్పండి. కోత మొదలయ్యాక మీకు కూర్చుని రాసే తీరిక ఉండదు, అందుకే సొన మరకల ఫొటోలు పోయిన ఏడు ఫిర్యాదుల్లోంచి ఇప్పుడే వెతికి పెట్టుకోండి. వాడేముందు పంపినవాళ్లను ఒక్క మాట అడగండి.